స్లైడులో లేనిది సారాంశంలోకి ఎలా వస్తుంది?

ఆఫీసుల్లో చాలా నిర్ణయాలు స్లైడులు చూసి జరగవు. ఆ స్లైడుల మీద ఎవరో రాసిచ్చిన అరపేజీ చూసి జరుగుతాయి. నలభై స్లైడుల ప్రజెంటేషన్ ముందు కూర్చునే తీరిక పై అధికారికి ఉండదు. "ముఖ్యమైన సంగతులు ఒక పేజీలో రాసివ్వండి" అంటారు, కింది వాళ్లు రాసిస్తారు. ఆ పేజీ ఫైల్లోకి, ఫైల్లోంచి మీటింగులోకి, మీటింగులోంచి పత్రికా ప్రకటనలోకి వెళ్తుంది. ఈ దారిలో అసలు స్లైడులు తెరిచి చూసేవాళ్లు ఒక్కరో ఇద్దరో ఉంటారు. అందువల్ల స్లైడు అనని మాట ఒకటి సారాంశంలో చేరితే దాన్ని పట్టుకునే అవకాశం రాసిన రోజే ఎక్కువ. ఆ తర్వాత రోజురోజుకీ తగ్గిపోతుంది.

ఇలా చేరే మాటల్లో కావాలని కల్పించినవి అరుదు. అవి స్లైడు స్వభావం నుంచి పుడతాయి. స్లైడులో నిండు వాక్యాలు తక్కువ, ముక్కలు ఎక్కువ. "అమ్మకాల్లో తగ్గుదల" అని ఒక ముక్క, దాని కింద "ఏప్రిల్ నుంచి కొత్త ధరలు" అని ఇంకో ముక్క ఉంటాయి. వాటి మధ్య సంబంధం ఏమిటో తెర మీద ఉండదు, పక్కన నిలబడి మాట్లాడే మనిషి చెబుతాడు. సారాంశం రాసేవారు మాత్రం ఈ రెండింటినీ ఒక వాక్యం చేయాలి. "కొత్త ధరల వల్ల అమ్మకాలు తగ్గాయి" అని రాస్తారు. వాక్యం నిండుగా, తెలుగుగా ఉంది. రెండు ముక్కలూ స్లైడులోవే. "వల్ల" మాత్రం రాసినవారిది. కొత్త సంగతులు ఎక్కువగా ఇలాంటి అతుకుల దగ్గరే పుడతాయి కాబట్టి, అంకెలు సరిపోయాయా అని మాత్రమే చూస్తే పరిశీలన సగంలోనే ఆగిపోయినట్టు.

ఈ పని ఎలా చేయాలో చూడటానికి అందరికీ తెలిసిన ఒక స్లైడు ఉంది. దాన్ని ముందు పెట్టుకుని చూద్దాం.

కొలంబియా స్లైడు ఏం చెప్పింది

2003 జనవరి 16న అమెరికా అంతరిక్ష నౌక కొలంబియా బయలుదేరింది. కర్నాల్‌లో పుట్టిన కల్పనా చావ్లాతో కలిపి అందులో ఏడుగురు ఉన్నారు. లేచిన సుమారు 82 సెకన్లకు, బయటి ఇంధన ట్యాంకు మీద ఉండే నురగ పూతలోంచి ఒక పెద్ద ముక్క ఊడి ఎడమ రెక్కకు తగిలింది. అది కెమెరాల్లో కనిపించింది. నౌక ఇంకా కక్ష్యలో ఉండగానే, ఆ దెబ్బ ప్రమాదకరమా కాదా తేల్చడానికి ఇంజనీర్ల బృందం ఒకటి ఏర్పడింది. బోయింగ్ ఇంజనీర్లు స్లైడులు తయారు చేశారు. ప్రమాదం జరిగాక దర్యాప్తు సంఘం ఆ స్లైడుల్లో ఒకదాన్ని తన నివేదికలో అచ్చు వేసింది. సమాచారాన్ని చూపించే పద్ధతుల మీద పుస్తకాలు రాసిన ఎడ్వర్డ్ టఫ్టీ దాన్ని పంక్తి పంక్తిగా విశ్లేషించాడు. అందువల్ల ఆ ఒక్క స్లైడూ లోకానికి పరిచయమైంది.

అందులో ఉన్న సంగతి ఇది. శీర్షిక చదివితే, నురగ ముక్క టైల్‌లోకి దూసుకెళ్లే విషయంలో పరీక్షల సమాచారం భద్రత వైపే మొగ్గుతోందని అర్థమవుతుంది. అంటే లెక్క చూపే నష్టం కంటే అసలు నష్టం తక్కువగా ఉంటుందని సూచన. టైల్స్ అంటే నౌకను వేడి నుంచి కాపాడే పలకలు. నష్టాన్ని అంచనా వేసే కంప్యూటర్ లెక్క పేరు క్రేటర్. ఆ లెక్కకు ఆధారమైన పాత పరీక్షలను సమీక్షించామని, టైల్ పై పూతలోకి ముక్క ఎంత దూరుతుందన్న విషయంలో క్రేటర్ అసలు కంటే బాగా ఎక్కువ చూపిందని స్లైడు అంటుంది. మెత్తటి నురగ గట్టి పూతను చీల్చాలంటే చాలా శక్తి కావాలని, దూరడం మొదలయ్యే వేగం ముక్క పరిమాణాన్ని బట్టి మారుతుందని, ఉదాహరణకు 3 ఘనపు అంగుళాల ముక్కకు సెకనుకు 200 అడుగులని ఒక పంక్తి ఉంది. తగినంత బరువు, వేగం ఉంటే దూరడం సాధ్యమేనని పరీక్షల్లో తేలిందని ఇంకో పంక్తి. ఒకసారి దూరితే నష్టం పెద్దగా ఉండగలదని మరొకటి. అన్నిటికంటే కింద, ఈ ప్రయాణంలోని పరిస్థితి పరీక్షల సమాచారానికి చాలా బయట ఉందని రాసి, దాని కింద ఇంకా చిన్నగా ర్యాంప్ పరిమాణం 1920 ఘనపు అంగుళాలు, పరీక్షలో వాడింది 3 అని ఉంది.

ర్యాంప్ అంటే ట్యాంకుకు నౌకను పట్టి ఉంచే ఊతం దగ్గర నురగతో చేసిన వాలు దిమ్మ. ఊడిన ముక్క అక్కడిదే.

శీర్షిక ఒక వైపు లాగుతోంది, చివరి పంక్తి ఇంకో వైపు లాగుతోంది. రెండూ ఒకే స్లైడులో ఉన్నాయి. ఏది బరువైనదో స్లైడు చెప్పదు. సారాంశం రాసేవారి చేతికి వచ్చేది ఇదే.

ఒక సారాంశం, దాని మీద పరిశీలన

ఆ స్లైడును ఇలా కుదించామనుకుందాం. పరిశీలన చూపించడానికి నేను రాసిన పేరా ఇది:

"చిన్న నురగ ముక్కలతో చేసిన పరీక్షల్లో టైల్స్‌కు పెద్దగా నష్టం జరగలేదు. ముక్క దూరాలంటే సెకనుకు 200 అడుగుల వేగం కావాలి. క్రేటర్ లెక్క ఎప్పుడూ అసలు కంటే ఎక్కువ నష్టం చూపిస్తుంది కాబట్టి కొలంబియాకు జరిగిన నష్టం అంచనా కంటే తక్కువే ఉంటుంది. తగిలిన ముక్క పరీక్షల్లో వాడిన దానికి 640 రెట్లు పెద్దదైనా, రెక్కకు ప్రమాదం లేదని పరీక్షలు సూచిస్తున్నాయి."

చదవడానికి హాయిగా ఉంది. స్లైడు చూసినవారికి కూడా "అవును, ఇదేగా చెప్పారు" అనిపిస్తుంది. ఇప్పుడు ఒక్కో మాటనూ స్లైడు పక్కన పెడదాం.

మొదటి వాక్యం. పరీక్షల్లో టైల్స్‌కు పెద్దగా నష్టం జరగలేదని స్లైడులో ఎక్కడా లేదు. లెక్క చూపిన దానికంటే పూతలోకి దూరడం తక్కువ అని ఉంది. అంచనా కంటే తక్కువ కావడం వేరు, అసలే తక్కువ కావడం వేరు. పైగా దూరాక నష్టం పెద్దగా ఉండగలదని అదే స్లైడు చెబుతోంది. కాబట్టి ఈ వాక్యం చేర్పు.

రెండో వాక్యం. 200 అన్న అంకె స్లైడులో ఉంది. అంకెలు మాత్రమే సరిచూసేవారు ఇక్కడ టిక్కు పెట్టి ముందుకు వెళ్లిపోతారు. కానీ స్లైడులో ఆ అంకెకు షరతు ఉంది, 3 ఘనపు అంగుళాల ముక్కకు మాత్రమే అని. పరిమాణాన్ని బట్టి మారుతుందని కూడా ఉంది. షరతు తీసేయగానే అది ఏ ముక్కకైనా వర్తించే నియమంగా మారింది. అంకె మారకపోయినా సంగతి మారింది. అంకెను ఒంటరిగా కాక, దాన్ని పట్టి ఉంచే మాటలతో కలిపి సరిచూడాలనడానికి కారణం ఇదే.

మూడో వాక్యంలో మూడు చేర్పులున్నాయి. క్రేటర్ ఎక్కువ చూపిందని స్లైడు గడిచిన పరీక్షల గురించి చెప్పింది. సారాంశం "ఎప్పుడూ చూపిస్తుంది" అంది. పూత గురించి చెప్పిన మాటను మొత్తం నష్టానికి చాచింది. ఆ పైన "కాబట్టి" అని ఒక అడుగు వేసి కొలంబియా మీద తీర్పు చెప్పింది. ఆ అడుగు స్లైడు వేయలేదు. వేయకుండా ఆపే పంక్తి కూడా అందులోనే ఉంది, పరిస్థితి పరీక్షల పరిధికి బయట ఉందని.

నాలుగో వాక్యంలోని 640 ఆసక్తికరమైనది. 1920ని 3తో భాగిస్తే 640 వస్తుంది. లెక్క తప్పు కాదు. ఈ కథ చెప్పేవారు చాలామంది ఆ అంకే వాడతారు. అయితే స్లైడులో 640 లేదు, 1920 అనేది తగిలిన ముక్క పరిమాణమని కూడా లేదు. అది ర్యాంప్ పరిమాణం. ర్యాంప్ అంతా ఊడిందో, కొంత ఊడిందో ఆ పంక్తి చెప్పదు. కాబట్టి "తగిలిన ముక్క 640 రెట్లు" అన్నదాంట్లో ఒకటి లెక్క కట్టిన అంకె, ఇంకోటి వస్తువు మార్పు. మొదటిదాన్ని "మేం కట్టిన లెక్క" అని చెప్పి ఉంచవచ్చు. రెండోదాన్ని ఉంచకూడదు.

చివరి సగం అన్నిటికంటే పెద్ద చేర్పు. ఈ స్లైడు టైల్స్ గురించి. రెక్క అన్న మాట అందులో లేదు. రెక్క ముందు అంచు టైల్స్‌తో కాక, కార్బన్‌తో చేసిన వేరే పలకలతో ఉంటుంది. ప్రమాదం లేదు అన్న మాట కూడా స్లైడులో లేదు. శీర్షికలోని ధైర్యం, చదివినవారి మనసులో తీర్పుగా మారి చివరి వాక్యమై కూర్చుంది.

అదే స్లైడును ఏమీ చేర్చకుండా రాస్తే ఇలా ఉంటుంది: "క్రేటర్ లెక్కకు ఆధారమైన పాత పరీక్షలను సమీక్షించారు. ఆ పరీక్షల్లో టైల్ పూతలోకి ముక్క దూరడాన్ని క్రేటర్ అసలు కంటే బాగా ఎక్కువ చూపింది. శీర్షిక దీన్ని భద్రత వైపు మొగ్గుగా చెబుతోంది. తగినంత బరువు, వేగం ఉంటే ముక్క దూరగలదని, దూరితే నష్టం పెద్దగా ఉండగలదని కూడా స్లైడు చెబుతోంది. ఈ ప్రయాణంలోని పరిస్థితి పరీక్షల పరిధికి చాలా బయట ఉంది. ర్యాంప్ పరిమాణం 1920 ఘనపు అంగుళాలు, పరీక్షలో వాడింది 3. కొలంబియాకు జరిగిన నష్టం ఎంతన్న నిర్ధారణ ఈ స్లైడులో లేదు."

ఇది మొదటిదాని కంటే పొడవు, కాస్త గరుకు కూడా. శీర్షికకూ చివరి పంక్తికీ పొత్తు కుదరలేదన్న సంగతిని ఇది దాచలేదు. స్లైడు తేల్చని తగాదాను సారాంశం తేల్చకూడదు. ఇక చివరి వాక్యం చదివే అధికారికి ఎంత పనికొస్తుందో చూడండి. అడగాల్సిన ప్రశ్న అదే ఆయన చేతికి అందిస్తుంది.

మాట రాలిపోయిన చోటు

ఇది ఊహించుకున్న ప్రమాదం కాదు. 2003 జనవరి 24న ఇంజనీర్ల విశ్లేషణ సారం నాసా మిషన్ మేనేజ్‌మెంట్ టీమ్ సమావేశానికి నోటిమాటగా చేరింది. టైల్స్‌కు గణనీయమైన నష్టం జరిగే అవకాశం ఉందని, అయినా లోపలికి కాలిపోయే సూచన లేదని చెప్పారు. ఇంతవరకు చూసినదాంట్లో ప్రయాణ భద్రతకు సంబంధించిన సమస్య ఏదీ కనబడలేదని అన్నారు. సమావేశానికి అధ్యక్షత వహిస్తున్న అధికారి వెంటనే దాన్ని తిరిగి చెప్పారు. భద్రత సమస్య లేదు, ఈ ప్రయాణానికి ఇబ్బంది లేదు, మనం వేరుగా చేయాల్సిందేమీ లేదు, తిరిగొచ్చాక మరమ్మతుకు కొంత సమయం పట్టవచ్చు అన్నారు. ఆ సంభాషణ దర్యాప్తు నివేదికలో అచ్చయింది.

రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. "ఇంతవరకు చూసినదాంట్లో" అన్నది రాలిపోయింది. "కనబడలేదు" అన్నది "లేదు" అయింది. "చేయాల్సిందేమీ లేదు" అన్న కొత్త నిర్ణయం చేరింది. ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఒక షరతు తీసేయడం కూడా చేర్చడమేనని ఇంతకంటే స్పష్టంగా చూపే ఉదాహరణ దొరకడం కష్టం. షరతు పోగానే ఆ ఖాళీలోకి నిశ్చయం వచ్చి చేరుతుంది.

ఫిబ్రవరి 1న తిరుగు ప్రయాణంలో కొలంబియా ముక్కలైపోయింది. ఏడుగురూ చనిపోయారు. అదే ఏడాది జులైలో టెక్సాస్‌లోని సౌత్‌వెస్ట్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌లో రెక్క అంచు పలక మీదికి అలాంటి నురగ ముక్కను పేల్చి చూస్తే సుమారు 40 సెంటీమీటర్ల కంత పడింది. ఒక సారాంశం వల్లే ఆ ప్రమాదం జరిగిందనడం సరికాదు. నురగ తగిలిన క్షణానే రెక్క దెబ్బతింది, నురగ ఊడటం నాసాకు ఏళ్లుగా అలవాటైపోయింది, రెక్క ఫోటోలు తీయించాలన్న ఇంజనీర్ల కోరిక నెరవేరలేదు. అయితే అధికారులు కింద ఉన్న పెద్ద అనిశ్చితుల మీద కాక వచ్చిన జవాబు మీదే దృష్టి పెట్టారని దర్యాప్తు సంఘం రాసింది. సమాచారం ఒక్కో మెట్టూ పైకి ఎక్కుతున్నకొద్దీ వివరణలు, ఆధారాలు వడకట్టుకుపోతాయని కూడా గుర్తించింది. ఆ వడపోత జరిగే మెట్లలో సారాంశం ఒకటి.

మన ఆఫీసు స్లైడు

అంతరిక్ష నౌక దాకా పోనక్కర్లేదు. ఒక మండల ఆరోగ్య సమీక్షలో ఇలాంటి స్లైడు ఉందనుకుందాం. "క్రమం తప్పకుండా బీపీ మందు వేసుకుంటున్నవారు: మార్చి 40%, సెప్టెంబర్ 50% (సర్వే చేసినవారు 200)". కింద ఇంకో ముక్క: "ఇంటింటి సందర్శనలు: జూన్ నుంచి". సారాంశంలో ఒకే వాక్యం వస్తుంది: "ఇంటింటి సందర్శనల వల్ల మండలంలో బీపీ మందు వాడేవారు 10 శాతం పెరిగారు."

ఈ ఒక్క వాక్యంలో నాలుగు చేర్పులు. "వల్ల" అన్నది స్లైడులో లేదు. సందర్శనలు మధ్యలో మొదలయ్యాయని మాత్రమే ఉంది. ఆ నెలల్లోనే మందుల సరఫరా మెరుగుపడి ఉండవచ్చు, డాక్టరు మారి ఉండవచ్చు, స్లైడు వాటి జోలికి పోలేదు. రెండోది, 200 మంది సర్వే మండలం మొత్తమైపోయింది. మూడోది, "క్రమం తప్పకుండా" ఎగిరిపోయి కేవలం వాడేవారు మిగిలారు. నాలుగోది 10 శాతం. 40 నుంచి 50కి వెళ్తే అది 10 శాతం పాయింట్ల పెరుగుదల. ఉన్నదాని మీద లెక్కిస్తే 25 శాతం. రెండూ నిజమే, కానీ "10 శాతం పెరిగారు" అన్నది రెండింట్లో ఏదీ సరిగ్గా చెప్పదు.

కొందరు ఇంకో అడుగు ముందుకేసి "80 మంది నుంచి 100 మందికి పెరిగారు" అని రాస్తారు. 200లో 40 శాతం 80, 50 శాతం 100, గుణకారం సరైనదే. కానీ రెండుసార్లూ 200 మందినే అడిగారా? ఆ 200 ఏ నెల సర్వేది? స్లైడు చెప్పలేదు. లెక్క కట్టిన అంకె ప్రతిదాని వెనుకా ఇలాంటి ఊహ ఒకటి ఉంటుంది. ఆ ఊహ స్లైడులో ఉంటే లెక్క నిలుస్తుంది. లేకపోతే రెండు శాతాలనూ ఉన్నవి ఉన్నట్టు రాసి, 200 అన్నది బ్రాకెట్లో ఉంచి, సందర్శనలు జూన్‌లో మొదలయ్యాయని విడి వాక్యంగా రాయడమే దారి.

పరిశీలన చేసే పద్ధతి

ముందు మూలం ఏదో ఖాయం చేసుకోవాలి. మీటింగుకు ముందు పంపిన ఫైలు ఒకటి, అక్కడ చూపించింది ఇంకోటి, తర్వాత సవరించింది మరొకటి ఉంటాయి. వాటిలో సారాంశం దేనిమీదో తేదీతో సహా రాసిపెట్టుకోవాలి. స్లైడు కింద ఉండే నోట్సు, దాచిన స్లైడులు, చివరి అనుబంధాలు మూలంలో భాగమా కాదా అన్నది కూడా అప్పుడే తేల్చుకోవాలి. ప్రజెంటేషన్ ఇచ్చిన మనిషి నోటితో చెప్పింది స్లైడులో లేనిదే. వాడాలనుకుంటే "మీటింగులో వివరించారు" అని విడిగా చెప్పి వాడాలి.

తర్వాత సారాంశాన్ని ముక్కలు చేయాలి. ఒక వాక్యంలో మూడు సంగతులుంటే మూడు పంక్తులుగా రాసుకోవాలి. ప్రతి పంక్తి పక్కన స్లైడు నంబరు, అందులోని అసలు మాటలు. ఇక్కడ "అదే అర్థం వచ్చే మాట" రాసుకోకూడదు, స్లైడులో ఉన్న మాటే దించాలి. పరిశీలన విలువంతా ఈ దించడంలోనే ఉంది. మనసులో పోల్చుకుంటే రెండూ ఒకటేలా అనిపిస్తాయి, కాగితం మీద పక్కపక్కన పెడితేనే తేడా బయటపడుతుంది. ఒక్కో పంక్తికీ మూడింట్లో ఒక గుర్తు పెట్టాలి: ఉంది, లెక్క కట్టింది, లేదు. "దాదాపు ఉంది" అన్న నాలుగో గుర్తు పెట్టుకుంటే అన్నీ అందులోకే జారిపోతాయి.

అంకెల కోసం ఇంకోసారి విడిగా చదవాలి. అంకెలంటే అంకెల రూపంలో ఉన్నవే కాదు. సగం, రెట్టింపు, మూడింట ఒక వంతు, చాలామంది, అత్యధికులు, వేగంగా, భారీగా, ఇవన్నీ అంకె చేసే పని చేస్తాయి. కొలంబియా స్లైడులో "గణనీయం" అని అర్థమిచ్చే ఒకే ఇంగ్లిషు మాట ఐదుసార్లు, ఐదు వేర్వేరు సంగతులకు వాడారు, ఎక్కడా ఎంతో చెప్పలేదు. అలాంటి మాటను సారాంశంలో "తీవ్రమైన" అనో "స్వల్ప" అనో మార్చితే మనం ఒక కొలత చేర్చినట్టే. గ్రాఫు నుంచి కంటితో చదివిన విలువకు "సుమారు" తప్పనిసరి. నిలువు గీత సున్నా నుంచి మొదలైందా అన్నది కూడా చూడాలి. 90 దగ్గర మొదలైన గ్రాఫులో 92, 96 చూస్తే రెండోది మూడు రెట్లు ఎత్తుగా కనబడుతుంది. ఆ ఎత్తు చూసి "బాగా పెరిగింది" అని రాస్తాం.

మూడోసారి అతుకుల కోసం చదవాలి. వల్ల, అందుకే, కాబట్టి, దీంతో, ఫలితంగా, అయినా, మొత్తమ్మీద, ఈ మాటలు ప్రతిదాని దగ్గరా ఆగి, ఈ సంబంధం స్లైడు చెప్పిందా అని అడగాలి. "దీంతో" ముఖ్యంగా మోసం చేస్తుంది. మన వార్తల భాషలో అది ఊతపదంలా వచ్చేస్తుంది, వచ్చి కారణాన్ని మోసుకొస్తుంది. క్రియలు కూడా ఇక్కడే చూడాలి. స్లైడు "ఉండవచ్చు" అంటే సారాంశంలో "ఉంది" రాకూడదు. స్లైడు "సూచన" అంటే "తేలింది", "రుజువైంది", "స్పష్టమైంది" రాకూడదు. "ప్రతిపాదన" అని ఉంటే "నిర్ణయించారు" రాకూడదు. అధికారిక సారాంశాల్లో నష్టం చేసేది చాలాసార్లు ఈ చివరిదే. పరిశీలనలో ఉన్న పథకం ఒక్క క్రియతో మంజూరైపోతుంది.

చివరి వాక్యాన్ని అన్నిటికంటే ముందు పరిశీలించడం మంచి అలవాటు. మనవాళ్లు సారాంశాన్ని ముగింపు లేకుండా వదలరు, స్లైడులో ముగింపు లేకపోయినా. అందుకే చేర్పు ఉండే అవకాశం చివరి వాక్యంలో ఎక్కువ, చదివి చదివి అలసిన కంటికి అది దొరికే అవకాశం తక్కువ.

పరిశీలించే మనిషి రాసిన మనిషి కాకపోతే మేలు. మీటింగులో కూర్చోని మనిషి అయితే ఇంకా మేలు. అక్కడున్నవారి చెవిలో వక్త గొంతు ఉంటుంది. స్లైడులో లేని సంబంధాన్ని ఆ గొంతు నింపేస్తుంది, అది తెర మీద చదివిందే అనిపిస్తుంది.

"లేదు" అని తేలితే

లేదని గుర్తు పడిన పంక్తితో చేయదగినవి నాలుగు. తీసేయడం మొదటిది, చాలాసార్లు అదే సరిపోతుంది. రెండోది, రాలిపోయిన షరతును తిరిగి పెట్టడం. మూడోది, ఎవరి మాటో చెప్పడం: "మా లెక్క ప్రకారం", "శీర్షిక ప్రకారం". నాలుగోది, స్లైడులు చేసినవారిని అడగడం. అడిగి అవునన్నారని తెలిస్తే ఆ సంగతి స్లైడులోకే ఎక్కించమని కోరాలి, లేదా వారి జవాబును రాతపూర్వకంగా తీసుకుని అదే ఆధారంగా చూపాలి. ఫోన్లో "అంతేనండీ" అన్న మాట ఆరు నెలల తర్వాత ఎవరికీ గుర్తుండదు.

సంక్షిప్త పదాల దగ్గర ఒక జాగ్రత్త అవసరం. పొట్టి అక్షరాలను విడదీసి రాయడం చదివేవారికి సాయమే. కానీ ఒకే మూడక్షరాలకు ఒక శాఖలో ఒక అర్థం, ఇంకో శాఖలో ఇంకో అర్థం ఉంటుంది. స్లైడులో ఎక్కడా విప్పని పదాన్ని ఊహించి విప్పితే అదీ చేర్పే. కొలతల మార్పూ అంతే. 1920 ఘనపు అంగుళాలంటే సుమారు 31 లీటర్లు, 3 అంటే సుమారు 50 మిల్లీలీటర్లు. తెలుగు పాఠకులకు ఇదే బాగా తెలుస్తుంది. రాయవచ్చు, అసలు అంకెను పక్కనే ఉంచి.

ఈ పరిశీలనకు అందనివి

ఇంత చేసినా రెండు సంగతులు ఈ పద్ధతికి చిక్కవు. మొదటిది, వదిలేయడం. ప్రతి వాక్యమూ స్లైడులో ఉన్నదే అయినా, అనుకూలమైనవి ఏరి ప్రతికూలమైనవి విడిచిపెడితే సారాంశం తప్పుదారి పట్టిస్తుంది. దానికి వ్యతిరేక దిశలో ఇంకో పరిశీలన కావాలి. ప్రతి స్లైడునూ తీసుకుని, ఇందులోని హెచ్చరిక, షరతు, మినహాయింపు సారాంశంలో ఎక్కడుందని వెతకాలి. కొలంబియా స్లైడులో ముఖ్యమైన పంక్తి అన్నిటికంటే కింద, చిన్న అక్షరాల్లో ఉంది. కాబట్టి ఈ వెతుకులాట ప్రతి స్లైడులోనూ కింది నుంచి పైకి సాగితే మంచిది.

రెండోది, స్లైడే తప్పు కావడం. సారాంశం స్లైడుకు నమ్మకంగా ఉందని ఈ పరిశీలన చెబుతుంది, స్లైడు లోకానికి నమ్మకంగా ఉందని చెప్పదు. అయినా దానికీ ఇది దారి వేస్తుంది. చేర్పులన్నీ తీసేశాక స్లైడు నిజంగా ఎంత చెప్పిందో, ఎక్కడ ఆగిపోయిందో బయటపడుతుంది. అప్పుడు చదివే అధికారి అడిగే ప్రశ్న, సారాంశం రాసిన గుమాస్తా దగ్గర ఆగిపోకుండా, ఆ పరీక్ష చేసిన ఇంజనీరు దగ్గరికి, ఆ సర్వే చేసిన నర్సు దగ్గరికి వెళ్తుంది. జవాబు తెలిసినవారు వాళ్లే.